తామర పువ్వు దగ్గర ఆగిన పాట

కత్తెర

పాటను కత్తెరతో ముక్కలు చెయ్యమని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. బడిపిల్లలు కాదు, ఎమ్మే పాసై పరిశోధనకు వచ్చిన వాళ్ళు. మేడంకు ఏదో అయిందని ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. నేను మాత్రం కత్తెర చేతికిచ్చి, "కొయ్యండి, ఏం రక్తం రాదు" అనేదాన్ని.

హనుమకొండలో ఒక కాలేజీ తెలుగు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఎందుకు ఆగాయో చెప్పి మీ తల తినను. నా అసలు పని ఒకటే. పాటల మీద పరిశోధన చేస్తామని వచ్చే పిల్లలు ఏదో ఒక పాట పట్టుకొని వస్తారు. ఆ పాటలో ఏళ్ళ తరబడి తవ్వడానికి ఏమైనా ఉందా, లేక పైపైన మెరుపేనా అని తేల్చి చెప్పాలి. తప్పు చెబితే ఒక పిల్లదో పిల్లగాడిదో బతుకులో మూడు నాలుగేళ్ళు వట్టిపోతాయి. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న వాళ్ళ కోసం నాకు తెలిసింది రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒక పాట దగ్గర చెయ్యి ఆగిపోతోంది. అక్కడికే తీసుకుపోతాను.

ముందు కత్తెర సంగతి. వినయ్ అనే పిల్లగాడు ఒక సినిమా పాట తెచ్చాడు. ఆ ఏడు ఏ పెళ్ళి బరాతులో చూసినా అదే పాట. "మేడం, ఇందులో లైను లైనుకు ఇమేజరీ ఉంది" అని మురిసిపోతూ చెప్పాడు. నిజమే, మొదటి చరణంలో వెన్నెల, రెండో దానిలో వాన, మూడో దానిలో వీణ. ముందు రాగం లేకుండా, వార్తలు చదివినట్టు చదవమన్నాను. సగం పాటకే అతని గొంతు నీరసపడింది. తర్వాత చరణాలు కోయించి, పేకముక్కల్లా కలిపి, బల్ల మీద పరిచి అడిగాను.

"ఏది ముందు, ఏది వెనక? చెప్పు."

చెప్పగలిగాడు, పాట నోటికి వచ్చు కాబట్టి. "నోటికి రాకపోతే?" అన్నాను. అప్పుడు ఆలోచనలో పడ్డాడు. ఏది ముందు పెట్టినా ఒకటే. సరే, వెన్నెల ఉన్నచోట వాన పెట్టి, వాన ఉన్నచోట వెన్నెల పెట్టి చదవమన్నాను. చదివాడు. ఏమీ చెడలేదు. ముక్కల మీద చేతులు పెట్టుకొని అట్లాగే కూర్చున్నాడు పాపం. ఆ పాటకు అతను కన్నీళ్ళు పెట్టుకున్నాడట ఒకప్పుడు. "అంటే నేను ఏడ్చింది దేనికి మేడం?" అన్నాడు. ట్యూనుకు ఏడ్చావు నాయనా, అందులో తప్పేముంది అన్నాను.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. చదువుకు నిలబడని పాట చెడ్డ పాట కాదు. పాడుకోవడానికి, ఎగరడానికి, మనసు తేలిక చేసుకోవడానికి పాటలు ఉంటాయి. వాటిని తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెడితే మనదే తెలివితక్కువతనం. చదువుకు నిలబడే పాటలో ఒక వస్తువు పేరు వస్తే, అది అక్కడ తప్ప ఇంకోచోట కూర్చోదు. ఒక చరణం తర్వాత ఇంకో చరణం వస్తే, మధ్యలో ఏదో మారి ఉంటుంది. పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు మాటలు అవే అయినా, ఇంతకుముందు విన్న అర్థంతో వినలేము. ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నా నేను కుర్చీ దగ్గరికి జరుపుకునేదాన్ని.

అలంకారాల లెక్క

మా శాఖకు చాలా కాలం పెద్దగా ఉన్నది రాజేశం సారు. మంచి మనిషి, మాట మెత్తన, పంచె మడత నలగదు. ఆఫీసులో గ్రంథం చదివినట్టే మాట్లాడేవారు. కానీ పాటను చూసే పద్ధతి మాత్రం నాకు అస్సలు గిట్టేది కాదు. పాటలో ఉపమలు ఎన్ని, రూపకాలు ఎన్ని అని పెన్సిలుతో గీతలు పెట్టేవారు. గీతలు ఎక్కువ ఉంటే గొప్ప పాట. గీతలు లేకపోతే, "ఇందులో కవిత్వాంశ కొరవడింది" అని పక్కన పెట్టేసేవారు.

ఒకసారి బీడీలు చుట్టే ఆడవాళ్ళు పాడుకునే పాట ఒకటి వచ్చింది. అందులో ఉపమ అన్నది మందుకు కూడా లేదు. ఈ పని అయిపోయినాక ఏం చేస్తానో ఒకామె చెప్పుకుంటూ పోతుంది, అంతే. మొదట తల్లిగారింటికి పోతానంటుంది. తర్వాతి చరణంలో కంటినిండా నిద్రపోతానంటుంది. ఆ తర్వాత ఒక్కసారి నడుము చాపుతానంటుంది. చివరికి, వేలికి చుట్టుకున్న దారం విప్పుకుంటానంటుంది. సారు పెన్సిలు పక్కన పెట్టేశారు. నాకు మాత్రం ఆ పాటను వదలబుద్ధి కాలేదు. ఆమె కోరిక చరణం చరణానికి ఎట్లా చిన్నదైపోతోందో చూడండి! ఊరికి పోవాలన్న మనిషి వేలి దారం దగ్గరికి వచ్చి ఆగింది. ఈ చరణాలను కత్తిరించి కలిపి చూడండి, పాట చచ్చిపోతుంది. అలంకారం ఒక్కటీ లేదు, కానీ కట్టుబడిలోనే మొత్తం దుఃఖం ఉంది. వాదించి వాదించి సారును ఆ పాటకు ఒప్పించాను.

అయితే కత్తెరను కూడా గుడ్డిగా నమ్మకండి. జానపదుల పాటల్లో చరణాలు చాలాసార్లు చోటు మారుతుంటాయి. నాట్లు వేసేటప్పుడు పాట ఎంతసేపు కావాలో అంతసేపు సాగదీస్తారు, గుర్తొచ్చిన చరణం ముందు పాడతారు. ఒక్కరి నోట విని, "ఈ వరుసలో మహా రహస్యం ఉంది" అని రాస్తే నవ్వులపాలవుతాం. రెండు మూడు ఊళ్ళలో, ఒకరికొకరు ఎరగని వాళ్ళ దగ్గర వినాలి. ఎక్కడ విన్నా కదలకుండా ఉన్నదేమిటి, మారిపోతున్నదేమిటి అని చూడాలి. కదలనిదే పాటకు ఎముక.

మమత తెచ్చిన పాట

మమతది మరిపెడ అవతల ఒక చిన్న ఊరు. ఇంట్లో వ్యవసాయం. మా దగ్గర పరిశోధనకు చేరింది, నేనే గైడును. ఆమె అంశం ఒకే ఒక బతుకమ్మ పాట. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు బతుకమ్మలను చెరువులో వదలడానికి ఎత్తుకునే ముందు, అన్నిటికంటే చివర పాడే పాట. పండుగకు చెల్లెను తోలుకపోదామని అన్న ఆమె అత్తగారి ఊరికి వస్తాడు, వాళ్ళను అడుగుతాడు. పాటంతా అంతే. ఒకామె ముందు పాడితే, మిగతావాళ్ళు చప్పట్లు కొడుతూ లైను లైనుకు ఉయ్యాలో అంటారు.

చెల్లె యాడికి పోయె ఉయ్యాలో
ఎవలతోని పోయె ఉయ్యాలో
ఎప్పుడొస్తనన్నదె ఉయ్యాలో
తంగేడు పువ్వుకు పోయిందన్న ఉయ్యాలో

చెల్లె యాడికి పోయె ఉయ్యాలో
ఎవలతోని పోయె ఉయ్యాలో
గునుగు పువ్వుకు పోయిందన్న ఉయ్యాలో

చెల్లె యాడికి పోయె ఉయ్యాలో
అల్లి పువ్వుకు పోయిందన్న ఉయ్యాలో

తామర పువ్వుకు పోయిందన్న

మమత తెచ్చింది ఇంతే. అంశాలను ఆమోదించే కమిటీలో రాజేశం సారు పెద్ద. అప్పటికి రిటైరైనా కమిటీలో ఆయన కుర్చీ ఆయనదే. కాగితం చూసి, పెన్సిలుతో ఒక్క గీత కూడా పెట్టకుండా, కింద అసంపూర్ణం అని ఒక్క మాట రాసి తిప్పి ఇచ్చేశారు.

"ఇది అసంపూర్ణమైన పాటమ్మా. చరణాలు పోను పోను అరిగిపోయినవి. పాడేవారు మరచిపోయి ఉంటారు. మన శాఖ అచ్చువేసిన సంకలనంలో పూర్తి పాట ఉన్నది, అది స్వీకరించు. లేదా అంశం మార్చుకో."

కమిటీ మరోసారి తిరస్కరిస్తే మమత సీటు పోతుంది. అది నియమం. మళ్ళీ పరీక్ష రాసి, మళ్ళీ చేరాలి. వాళ్ళ నాన్న మళ్ళీ పంపుతాడన్న నమ్మకం ఆమెకు లేదు. బయటికి వచ్చి వరండాలో నిలబడింది. ముఖం పాలిపోయింది.

"మేడం, మా అమ్మోళ్ళు మర్చిపోలే. గంతే పాడుతరు. ఏటేటా గంతే. సార్ గట్లంటే ఏం చెయ్యాలె?"

"ఫికర్ చెయ్యకు. ముందు కూర్చొని చదువుదాం రా" అన్నాను.

పువ్వు ఎక్కడ పూస్తుంది?

మాది బజారు కుటుంబం. మా నాన్నకు చౌరస్తా దగ్గర బట్టల కొట్టు ఉండేది. బతుకమ్మ పూలు మేము కొనుక్కునేవాళ్ళం. రిక్షాలో కుప్పలు పోసి అమ్మేవారు, తంగేడు, గునుగు, తామర అన్నీ పక్కపక్కనే. అందుకే ఈ పాటలో పూల పేర్లు చూసినప్పుడు నాకూ అవి ఒక వరుస పేర్లలాగే కనిపించాయి. బతుకమ్మ కదా, పూలు రాకుండా ఎట్లా ఉంటాయి?

కానీ అలవాటు ప్రకారం వస్తువును చోటు మార్చి చూశాను. "మమతా, తామర మొదట పెట్టి తంగేడు చివర పెడితే ఏమైతది?"

వెంటనే తల అడ్డంగా ఊపింది. "గట్ల కుదరదు మేడం."

"ఎందుకు కుదరదు?"

"తంగేడు గుట్ట మీద ఉంటది. రాళ్ళల్ల, బీడుల. గునుగు గుట్ట దిగినంక చెల్కల్ల, వానకు పండే చేన్లల్ల ఉంటది. అల్లిపూలు చెరువు అంచుకు. మోకాళ్ళ లోతు నీళ్ళల్లకు దిగి తెంపుతం. తామర…"

అక్కడ ఆగింది. నేనూ ఆగాను. మా ఇద్దరి చూపులూ కాగితం మీదే ఉన్నాయి.

"తామర నడి చెరువుల ఉంటది మేడం" అంది.

గుట్ట, చెల్క, చెరువు అంచు, నడి చెరువు. ఆ చెల్లె దిగుతోంది. పాట మొదలైన దగ్గరి నుంచి నీళ్ళలోకి దిగుతూనే ఉంది. పూలు అలంకారాలు కావు, ఆమె నడిచిన దారి. పుట్టి బుద్ధెరిగిన దగ్గరి నుంచి ఆ పాట వింటున్న పిల్ల, చప్పట్లు కొట్టి ఉయ్యాలో అన్న పిల్ల, నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని కూర్చుంది.

తర్వాత ప్రశ్నలు చూశాం. మొదట అన్న మూడు అడుగుతాడు. ఎక్కడికి పోయింది, ఎవరితో పోయింది, ఎప్పుడొస్తుంది. రెండో చరణంలో ఏ ప్రశ్న పోయింది? చివరిది. ఎప్పుడొస్తుంది అని అన్న ఇక అడగడు. అది చూసి నేను కళ్ళద్దాలు తీసేశాను. మూడో చరణంలో ఎవరితో అన్నది కూడా పోయింది. ఒంటరిగా పోయిందని అతనికి అర్థమైపోయింది. నాలుగో దానిలో ప్రశ్నే లేదు. ఎవరూ అడగలేదు, అయినా జవాబు వస్తోంది. తామర పువ్వుకు పోయిందన్న. ఎవరు చెబుతున్నారు? అత్తగారా? ఆడబిడ్డా? పాట చెప్పదు.

మరచిపోతే పాట ఇట్లా అరగదు. మరపు ఎక్కడ పడితే అక్కడ కొరుకుతుంది, ఒకచోట మాట, ఒకచోట లైను. ఇది ప్రతి చరణానికి ఒక్కొక్క లైను, అదీ కింది ప్రశ్న నుంచి పైకి, వరుస తప్పకుండా తగ్గింది. నాలుగు లైన్లు, మూడు, రెండు, ఒకటి. ఆ తర్వాత ఇంకో చరణం ఉంటే దానిలో లైను ఉండటానికి వీల్లేదు. ఈ పాట పూర్తయింది. పూర్తయిందని దాని కట్టుబడే చెబుతోంది.

అయినా ఒక్క ఊరి మాట పట్టుకొని వాదించలేను. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి రమ్మని మమతను పంపాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర వాళ్ళ మేనత్త ఊళ్ళో కూడా ఈ పాట దొరికింది. అక్కడ ఎవలతోని అనరు, ఎవలెంబడి అంటారు. అల్లి పువ్వు లేదు, కలువ పువ్వు ఉంది. కలువ కూడా చెరువు అంచునే కదా! మాట మారింది, చోటు మారలేదు. మిగతా పాటల్లో చరణాలు ఇష్టం వచ్చినట్టు ముందూ వెనకా పాడిన ఆ ఆడవాళ్ళు, దీన్ని మాత్రం రెండుసార్లు పాడించినా వరుస తప్పలేదట.

మల్లెపువ్వు

అప్పుడు మా శాఖ సంకలనం తీశాను. సారు చెప్పిన పూర్తి పాట అందులో ఉంది. ఇవే నాలుగు చరణాలు, తామర తర్వాత కూడా ఉయ్యాలో పెట్టి, దాని కింద ఐదో చరణం.

మల్లెపూలు తురిమి మా చెల్లె వచ్చె ఉయ్యాలో
పట్టుచీర కట్టి పండుగకు వచ్చె ఉయ్యాలో
అన్న వెంట నడిచి అమ్మింటికొచ్చె ఉయ్యాలో
చల్లగుండు తల్లి సద్దుల బతుకమ్మ ఉయ్యాలో

మొదటిసారి చదివినప్పుడు హమ్మయ్య అనిపించింది, దాచుకోను. పిల్ల బతికే ఉంది. రెండోసారి చదివితే మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. మల్లెపూలా? బతుకమ్మ నాటికి మల్లెలెక్కడివి? ఎండాకాలం పూసే పువ్వు. అదీ ఇంటి పెరట్లో పూసేది. గుట్ట నుంచి నడి చెరువు దాకా దిగిన పాటలోకి పెరటి మల్లె ఎట్లా వచ్చింది? పైగా ఒకటికి దిగిన లైన్లు ఒక్కసారిగా మళ్ళీ నాలుగయ్యాయి. ముందంతా ప్రశ్న, జవాబు. ఇక్కడ ప్రశ్నా లేదు, జవాబూ లేదు, చివరి లైను ఏ బతుకమ్మ పాటకు తగిలించినా సరిపోతుంది. పైన పాడిన గొంతు వేరు, కింద రాసిన చెయ్యి వేరు.

సంకలనానికి సంపాదకులు రాజేశం సారే. వాళ్ళింటికి పోయి సూటిగా అడిగాను. ఆయన బుకాయిస్తారని సిద్ధపడి పోయాను. బుకాయించలేదు.

"నేనే రాశానమ్మా" అన్నారు, చాయ్ కప్పు నా ముందుకు జరుపుతూ.

ఎందుకు రాశారని అడిగాను.

"పండుగ పూట పాడుకునే పాట అమంగళంతో ఆగరాదు. సేకరించినప్పుడు అసంపూర్ణంగా ఉన్నవాటికి చివర ఒక దీవెన చేర్చాను. ఇందులో దోషమేమున్నది?"

"ఒక్క ఈ పాటకేనా సారూ?"

"కొన్నింటికి" అన్నారు.

కొన్నింటికి! ఆ పుస్తకం ముందు పెట్టుకొని పిల్లలు థీసిస్‌లు రాశారు. సేకరించేవాడు మరచిన మాటను ఖాళీగా వదలాలి, అనుమానం ఉంటే కింద రాయాలి. తన మాట కలిపి, ఊరి నోట్లో పెట్టకూడదు. అచ్చులోకి వచ్చాక ఎవరు విడదీస్తారు? ఆ మాటే అన్నాను, కొంచెం గట్టిగానే. ఆయన తల దించుకొని చాయ్ తాగారు. నేను చాయ్ ముట్టకుండా లేచి వచ్చాను.

చెరువు కట్ట

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మమత వెంట వాళ్ళ ఊరికి పోయాను. కాగితం మీద చదివింది వేరు, చెవితో వినాలి.

ఊరి మధ్యన డీజే పెట్టారు. ఆడపిల్లలు ఫోనులో చూసుకుంటూ ఆడుతున్నారు. వింటూ వింటూ ఉలిక్కిపడ్డాను. స్పీకర్‌లో వస్తున్నది మన పాటే, ఐదో చరణంతో సహా! ఎవరో పుస్తకంలో చూసి రికార్డు చేసి పెట్టినట్టున్నారు. మల్లెపూలు తురిమి మా చెల్లె వచ్చె అని చిన్నపిల్లలు గంతులేస్తూ పాడుతున్నారు. మమత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పుస్తకంలో చేరిన అబద్ధం పుస్తకంలోనే ఉంటుందనుకున్నాను. అది మాకంటే ముందు ఊరికి చేరింది.

పొద్దు గూకే వేళకు బతుకమ్మలు చెరువు కట్టకు చేరాయి. అక్కడ డీజే లేదు. లచ్చమ్మ అనే పెద్దామె ముందు పాడుతోంది, ఆమె ఈడు వాళ్ళంతా చుట్టూ తిరుగుతున్నారు. తంగేడు, గునుగు, అల్లి. అడుగు అడుగుకు చప్పట్లు, లైను లైనుకు ఉయ్యాలో. లచ్చమ్మ తామర లైను పాడింది.

చప్పట్లు ఆగిపోయాయి. ఉయ్యాలో అని ఎవరూ అనలేదు. ఒక్కరంటే ఒక్కరు అనలేదు. అంతమంది ఆడవాళ్ళు ఒకేసారి నోరు మూసుకుంటే ఎట్లా ఉంటుందో నేను చెప్పలేను. ఆ ఉయ్యాలో పడాల్సిన చోట ఏమీ పడలేదు, ఆ జాగా అట్లాగే తెరుచుకొని ఉంది. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. వంగి బతుకమ్మలు ఎత్తుకొని నీళ్ళలోకి దిగారు. నేను కట్ట మీద కూర్చుండిపోయాను. మమత తన కాగితంలో తామర దగ్గర ఉయ్యాలో ఎందుకు రాయలేదో అప్పుడు తెలిసింది. విన్నది విన్నట్టు రాసింది పిల్ల.

ఒడ్డుకు వచ్చినాక లచ్చమ్మను అడిగాను. "అమ్మా, తామర పువ్వు తర్వాత పాట లేదా?"

చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ నావైపు చూసింది. "తర్వాత ఏముంటది బిడ్డా? నీళ్ళే."

"ఇది నిజంగా జరిగిందా? ఏ ఊర్ల జరిగింది?"

"ఏ ఊర్ల జరుగలె?" అంది.

అని, రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద ఒకటి నా చేతిలో పెట్టి, "తినుండ్రి మేడమమ్మా, పొద్దంత ఏం తిన్నట్టు లేరు" అంది. అప్పుడే ఇంకెవరో ఏదో ఎకసెక్కమాడితే పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఇంకా బిత్తరపోయాను. ఏడాదికొకసారి ఆ పిల్లను నీళ్ళ దాకా సాగనంపి వచ్చి, మలీద తినడం వాళ్ళకు తెలుసు. నేను ముద్ద చేతిలో పట్టుకొనే నిలబడ్డాను.

కమిటీ గది

దసరా సెలవులయ్యాక కమిటీ కూర్చుంది. మమత అదే పాట, అదే నాలుగు చరణాలతో వచ్చింది. ఐదో చరణం కలుపుకుంటే గొడవ లేకుండా సంతకాలు పడేవి, ఆ సంగతి ఆమెకూ తెలుసు. ముందు రోజు ఒకసారి అడిగాను కూడా. "మేడం, సీటు పోతే మళ్ళ రాస్త. గా మల్లెపువ్వు మాత్రం నేను పెట్టను" అంది.

నాకు భయంగానే ఉంది. రాజేశం సారు కుర్చీలో ఉన్నారు, ముందు పెన్సిలు ఉంది. మమత పూల చోట్లు చెప్పింది, తగ్గిపోయే ప్రశ్నలు చెప్పింది, ఊరూరికి మారినవీ మారనివీ చెప్పింది. సభ్యులు కాగితాలు తిప్పుతున్నారు. ఒకాయన, "అన్నీ బాగున్నయమ్మా, కని చివరికి పాట తెగిపోయినట్టే కనపడతాంది గద" అన్నాడు.

మమత నావైపు చూసింది. నేను తలూపాను.

"సార్, నేను పాడుత. మీరందరు ఉయ్యాలో అనుండ్రి. జర చప్పట్లు గూడ కొట్టుండ్రి."

పెద్దమనుషులు ఇబ్బందిగా నవ్వారు. కానీ ఇక్కడ పుట్టిన వాళ్ళకు ఆ రాగం మొదలైతే చేతులు ఊరుకుంటాయా? తంగేడు దగ్గర గొణిగినట్టు అన్నారు. గునుగు దగ్గర గొంతులు కలిశాయి. అల్లి పువ్వు దగ్గరికి వచ్చేసరికి గదిలో చప్పట్లు మోగుతున్నాయి. ప్యూను తలుపు దగ్గరికి వచ్చి వింత చూస్తున్నాడు. మమత గొంతు దించి ఆఖరి లైను పాడింది.

తామర పువ్వుకు పోయిందన్న.

పాడి, చప్పట్లు ఆపి, తల వంచుకుంది. నేను ఆగాను. మమ్మల్ని చూసి మిగతా వాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"ఉయ్యాలో" అన్నారు రాజేశం సారు.

కళ్ళు మూసుకొని రాగంలో ఉన్నారాయన, మేము ఆగింది చూడలేదు. ఆ ఒక్క గొంతు గదిలో ఒంటరిగా వినిపించింది. కళ్ళు తెరిచి అందరినీ చూశారు. ఆయన ముఖంలో రంగు మారిపోవడం నేను కళ్ళారా చూశాను. రెండు చేతులూ చప్పట్లకు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. నా మీద నాకే కోపం వచ్చింది, ఆ పెద్దాయనను అట్లా చూడలేకపోయాను.

చేతులు దించి మాట్లాడారు. ఆ భాష ఆయన నోట ఆఫీసులో ఎన్నడూ వినలేదు.

"మా అమ్మ గూడ గీ తామర కాడనే ఆపేది" అన్నారు. "చిన్నప్పుడు నేను ఆమె కొంగు వట్టుకొని కట్ట మీద నిలవడేటోన్ని. అందరు ఒక్కపారే సప్పుడు బంద్ జేస్తే నాకు పానం వోయినట్టయ్యేది. గట్ల ఆపకే అమ్మా, ఏమన్న పాడే అని ఏడ్సేటోన్ని."

ఐదో చరణం ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమైంది. నేను అది పండితుడి దిద్దుబాటు అనుకున్నాను. చెరువు కట్ట మీద భయపడ్డ పిల్లవాడు పెద్దయ్యాక ఆ నిశ్శబ్దాన్ని పూడ్చుకున్నాడు. ఆయన మీద నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ చరణం తప్పే, ఆ మాట ఇప్పటికీ అంటాను.

సారు మమత కాగితం దగ్గరికి లాక్కున్నారు. అసంపూర్ణం అని తాను రాసిన మాట మీద పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీశారు. కింద సంతకం పెట్టి పక్కాయనకు జరిపారు. ఒకరి తర్వాత ఒకరు అందరూ సంతకాలు పెట్టారు. మమత కాగితం అందుకోబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"జర ఇంకొక్కసారి పాడు బిడ్డా."

మమత పాడింది. సారు చప్పట్లు కొట్టారు, లైను లైనుకు అందరికంటే గట్టిగా ఉయ్యాలో అన్నారు. తామర పువ్వు వచ్చింది. ఈసారి ఆయన అనలేదు.